గైడులో జారిపోయిన 4

నమస్కారం మాస్టారూ. లెనిన్ సెంటరులో పాత పుస్తకాల దుకాణంలో కొన్న గైడులో y = x³/3 + 1/x అనే వక్రానికి x = 1 నుంచి x = 2 వరకు పొడవు కనుక్కోమని ఉంది. నాకు 17/6 వచ్చింది. వెనక జవాబు 59/24 అని ఇచ్చారు. నా స్నేహితురాలికీ 17/6 వచ్చింది. తప్పు ఎక్కడ జరిగింది? ఇంకో లెక్కలో, y = x⁴/8 + 1/(4x²) వక్రానికి x = −2 నుంచి x = −1 వరకు, −33/16 వచ్చింది. పొడవు రుణాత్మకం కాకూడదు కదా అని గుర్తు కొట్టేశాను. అలా చేయవచ్చా? ఈ లెక్కలన్నిటిలో వర్గమూలం లోపల పరిపూర్ణ వర్గమే వస్తోంది. ప్రతిసారీ వస్తుందని నమ్ముకోవచ్చా?
— డిగ్రీ విద్యార్థిని, విజయవాడ

అమ్మా, మీ జవాబు తప్పు. గైడులో అచ్చయిన ప్రశ్న కూడా తప్పు. వెనక ఇచ్చిన 59/24 మాత్రం సరైనదే. కాకపోతే అది మీరు చేసిన ప్రశ్నకు జవాబు కాదు, హారంలో ఒక 4 ఉన్న వేరే ప్రశ్నకు జవాబు. ఆ 4 అచ్చులో జారిపోయింది. ఇలాంటి లెక్కల్లో ఏ అంకె పోయినా ప్రమాదమే కానీ, ఈ 4 పోతే లెక్క స్వభావమే మారిపోతుంది. అది ఎందుకో తెలిస్తే మీ మూడు సందేహాలూ ఒకదాని వెంట ఒకటి విడిపోతాయి.

ముందుగా 17/6 ఎందుకు నిలబడదో చూద్దాం. దీనికి సమాకలనం అవసరం లేదు. అచ్చయిన ప్రశ్ననే తీసుకోండి. x = 1 దగ్గర y విలువ 4/3. x = 2 దగ్గర 19/6. అంటే వక్రం అడ్డంగా 1 జరిగింది, నిలువుగా 11/6 ఎక్కింది. మా గుంటూరు బ్రాడీపేట మీకు తెలిసే ఉంటుంది. లైన్లు ఒక దిక్కుకు, అడ్డరోడ్లు ఇంకో దిక్కుకు ఉంటాయి. చిరునామా చెప్పమంటే లైను నంబరు, అడ్డరోడ్డు నంబరు చెబుతారు. అక్కడ ఒక మూల నుంచి ఇంకో మూలకు వెళ్లాలంటే అడ్డంగా ఎంత ఉందో అంతా నడవాలి, నిలువుగా ఎంత ఉందో అంతా నడవాలి. మధ్యలో ఇళ్లు లేకపోతే ఏటవాలుగా కోసుకుని వెళ్లవచ్చు, దూరం కలిసి వస్తుంది. మీ వక్రం అలా కోసుకుని వెళ్లేదే. అది ఎక్కడా వెనక్కి తిరగదు, ఎక్కడా కిందికి దిగదు. కాబట్టి దాని పొడవు 1 + 11/6 కన్నా తక్కువ ఉండి తీరాలి. 1 + 11/6 ఎంత? సరిగ్గా 17/6. మీ జవాబు ప్రకారం ఈ వక్రం వీధుల వెంట మూల తిరుగుతూ నడిచింది! నున్నగా సాగే వక్రానికి అది కుదరదు.

కింది వైపు కూడా ఒక హద్దు ఉంది. రెండు చివరల్నీ కలిపే సరళరేఖ కన్నా వక్రం పొట్టిగా ఉండదు. ఇక్కడ ఆ సరళరేఖ పొడవు √(1 + 121/36), అంటే సుమారు 2.09. అసలు జవాబు 2.09కీ 2.83కీ మధ్య ఎక్కడో ఉండాలి. వక్రం ఒకే వైపుకు ఎక్కుతూనో దిగుతూనో ఉన్నంత వరకు ఈ రెండు హద్దులూ పనిచేస్తాయి. మధ్యలో ఎక్కి దిగితే పై హద్దును ముక్కలుగా వేసుకోవాలి. పరీక్షలో జవాబు కింద గీత గీసే ముందు ఈ రెండంకెలూ మార్జిన్‌లో వేసి చూసుకోండి. సగం తప్పులు అక్కడే బయటపడతాయి.

ఇక మీ లెక్కలోకి వద్దాం. కాగితం పంపలేదు గానీ 17/6 ఎలా వచ్చిందో ఊహించడం కష్టం కాదు. మొదటి అడుగు మీరు సరిగానే వేసి ఉంటారు:

y' = x² − 1/x²

తర్వాతి అడుగులో 1 + (y')² రాసి, దాన్ని నేరుగా (x² + 1/x²)² చేసేశారు. అంతకు ముందు చేసిన లెక్కలన్నిటిలో మధ్యలోని మైనస్ ప్లస్‌గా మారింది కాబట్టి, ఇక్కడా మారుతుందనుకున్నారు. స్నేహితురాలూ అదే అనుకుంది. ఇద్దరికీ ఒకే తప్పు జవాబు రావడానికి కారణం ఒకే అలవాటు. నిజంగా విస్తరిస్తే ఏమవుతుందో చూడండి:

(x² − 1/x²)² = x⁴ − 2 + 1/x⁴

దీనికి 1 కలిపితే మధ్య పదం −2 కాస్తా −1 అవుతుంది. (x² + 1/x²)² లో మధ్య పదం +2 ఉండాలి. −2కు 1 కలిపితే +2 ఎలా అవుతుంది? అవదు. x⁴ − 1 + 1/x⁴ దేనికీ చక్కని వర్గం కాదు. వర్గమూలం అలాగే ఉండిపోతుంది.

మరి మిగతా లెక్కల్లో ఎలా మారింది? y' ను a − b అనుకోండి. వర్గం చేస్తే మధ్య పదం −2ab. దానికి 1 కలిపాక అది +2ab కావాలి. అప్పుడే (a + b)² అవుతుంది. అంటే

1 − 2ab = 2ab

కాబట్టి ab = 1/4. ఉన్న రహస్యమంతా ఇదే. రెండు పదాల లబ్ధం సరిగ్గా పావు అయితే మధ్య పదం −1/2 అవుతుంది, 1 కలిపితే +1/2 అవుతుంది, మైనస్ ప్లస్‌గా తిరుగుతుంది. లబ్ధం పావు కాకపోతే తిరగదు. మీ ప్రశ్నలో a = x², b = 1/x². లబ్ధం 1. పావు కావాలంటే b లో ఒక 4 ఉండాలి: b = 1/(4x²). అప్పుడు ప్రశ్న y = x³/3 + 1/(4x) అవుతుంది. జారిపోయిన 4 అదే.

ఆ సరైన ప్రశ్నను ఒకసారి పూర్తిగా చేద్దాం.

y' = x² − 1/(4x²)
(y')² = x⁴ − 1/2 + 1/(16x⁴)
1 + (y')² = x⁴ + 1/2 + 1/(16x⁴) = (x² + 1/(4x²))²

1 నుంచి 2 వరకు లోపలి రాశి ధనాత్మకమే కాబట్టి వర్గమూలం తీస్తే x² + 1/(4x²) వస్తుంది. దాన్ని సమాకలనం చేస్తే x³/3 − 1/(4x). ఎగువ హద్దు దగ్గర 8/3 − 1/8, దిగువ హద్దు దగ్గర 1/3 − 1/4. తీసివేస్తే 7/3 + 1/8, అంటే 59/24. గైడు వెనక ఉన్న అంకె ఇదే. హద్దులు చూసుకుందాం: ఈ వక్రం నిలువుగా 53/24 ఎక్కుతుంది, కాబట్టి సరళరేఖ సుమారు 2.42, వీధుల దారి సుమారు 3.21. మన జవాబు 59/24 అంటే సుమారు 2.46. మధ్యలోనే ఉంది, అదీ సరళరేఖకు బాగా దగ్గరగా. వక్రం పెద్దగా వంగదు కాబట్టి అలాగే ఉండాలి కూడా.

అచ్చయిన ప్రశ్నకే జవాబు కావాలని పట్టుబడితే సింప్సన్ సూత్రాన్ని ఆశ్రయించాలి. 1 నుంచి 2 వరకు ఉన్న అంతరాన్ని ఎనిమిది భాగాలు చేసి √(x⁴ − 1 + 1/x⁴) విలువలు వేస్తే సుమారు 2.17 వస్తుంది. 2.09కీ 2.83కీ మధ్యలో ఉంది, సరళరేఖ వైపే ఉంది. 17/6 దీనికి ఎంత దూరంలో ఉందో చూడండి. చిన్న పొరపాటు వల్ల వచ్చే తేడా కాదు అది.

మీ తప్పు అంత సులువుగా కంటపడకపోవడానికి ఇంకో కారణం ఉంది. y = x³/3 + 1/(4x). దాని పొడవుకు వచ్చిన రాశి x³/3 − 1/(4x). రెండో పదం గుర్తు మారింది, అంతే. ఇది యాదృచ్ఛికం కాదు. y' = a − b ను సమాకలనం చేస్తే y వస్తుంది, a + b ను సమాకలనం చేస్తే పొడవు వస్తుంది. తేడా b ముందున్న గుర్తు ఒక్కటే. కాబట్టి పరిపూర్ణ వర్గం కుదిరిన ప్రతి లెక్కలో, a + b ధనాత్మకంగా ఉన్నంత వరకు, ఇచ్చిన ప్రమేయంలో రెండో ముక్క గుర్తు మార్చి హద్దులు వేస్తే చాలు, పొడవు వచ్చేస్తుంది. కొన్ని కోచింగ్ నోట్సుల్లో దీన్ని చిట్కాగా చెబుతారు. చిట్కా నిజమే. కానీ లబ్ధం పావు అవునో కాదో చూడకుండా వాడితే, అచ్చుతప్పు ఉన్న ప్రశ్నకు కూడా అది నోరు మెదపకుండా ఒక జవాబు ఇచ్చేస్తుంది. x³/3 − 1/x కు 1, 2 హద్దులు వేసి చూడండి. మీ 17/6 ప్రత్యక్షమవుతుంది.

అందుకే ముందు పరీక్ష, తర్వాత చిట్కా. ఆ పరీక్షను అవకలనం కూడా చేయకుండా, ప్రశ్న చూసిన వెంటనే చేయడానికి ఒక దారి చెబుతాను. ఇలాంటి ప్రశ్నల్లో ఎక్కువ భాగం x ఘాతాలు రెండు కలిపినవే. y = A·xᵖ + B·x^q అనుకోండి. అవకలజంలో ఘాతాలు p − 1, q − 1 అవుతాయి. లబ్ధంలో x మిగలకూడదు కాబట్టి ఈ రెండింటి మొత్తం సున్న కావాలి. అంటే p + q = 2. మీ ప్రశ్నలో 3, −1. మొత్తం 2. రెండో ప్రశ్నలో 4, −2. మొత్తం 2. x^(3/2), x^(1/2) ఉన్న ప్రశ్నలు కూడా చూసి ఉంటారు, అక్కడా 2. మొత్తం 2 కాకపోతే ఈ పద్ధతికి అక్కడ చోటు లేదు, ఇంకేమీ చూడనక్కరలేదు.

మొత్తం 2 అయితే గుణకాలు చూడాలి. అవకలజంలోని రెండు పదాల లబ్ధం A·B·p·q. అది −1/4 కావాలి. x³, 1/x జంటకు p·q = −3, కాబట్టి A·B = 1/12 ఉండాలి. 1/3, 1/4 జత కుదురుతుంది. 1/6, 1/2 జత కూడా కుదురుతుంది, చాలా పుస్తకాల్లో x³/6 + 1/(2x) రూపంలో కనిపించేది అదే. మీ గైడులోని 1/3, 1 జత కుదరదు. x⁴, 1/x² జంటకు p·q = −8, A·B = 1/32. మీ రెండో ప్రశ్నలో 1/8, 1/4. లబ్ధం 1/32. ప్రశ్న సరిగానే అచ్చయింది. x² పక్కన ఇంకో ఘాతానికి బదులు లాగ్ వచ్చే ప్రశ్నలు ఒక ప్రత్యేక సందర్భం. p = 2 అయితే q = 0 కావాలి, ఆ సున్న ఘాతం స్థానంలో ln x వచ్చి కూర్చుంటుంది. A·x² + B·ln x కు 2·A·B = −1/4, అంటే A·B = −1/8. పాఠ్యపుస్తకాల్లో తరచూ కనిపించే x²/2 − (ln x)/4 దీనికి సరిపోతుంది. గైడులో మిగిలిన లెక్కల్ని ఇలా ఒక్కొక్కటీ తడిమి చూడండి. పాత గైడుల్లో ఇలాంటివి ఇంకా ఒకటి రెండు దొరికినా నేను ఆశ్చర్యపోను.

ఇప్పుడు −33/16 సంగతి. గుర్తు కొట్టేయడం వల్ల మీకు సరైన జవాబే వచ్చింది. పొడవు 33/16. అయితే మీరు చెప్పిన కారణం చాలదు. ‘పొడవు రుణాత్మకం కాకూడదు’ అన్నది జవాబు తప్పని చెబుతుందే తప్ప, గుర్తు మార్చితే ఒప్పవుతుందని చెప్పదు. ఎక్కడో కొంత భాగం గుర్తు తప్పి, కొంత భాగం సరిగా ఉండి, రెండూ కలగలిసి కూడా రుణాత్మకం రావచ్చు. అప్పుడు గుర్తు కొట్టేస్తే తప్పును దాచిపెట్టినట్టే.

ఇక్కడ జరిగింది ఇది. వర్గమూలం లోపల (x³/2 + 1/(2x³))² ఉంది. వర్గానికి వర్గమూలం తీస్తే లోపలి రాశి కాదు, దాని పరమ మూల్యం వస్తుంది. x రుణాత్మకమైతే x³ కూడా రుణాత్మకం, 1/x³ కూడా రుణాత్మకం. రాశి మొత్తం రుణాత్మకం. కాబట్టి వర్గమూలం −(x³/2 + 1/(2x³)). ఈ మైనస్ మొదట్లోనే రాసి ఉంటే చివర మీరు దేన్నీ కొట్టేయాల్సిన పని ఉండేది కాదు. ‘హద్దులు రుణాత్మకమైతే గుర్తు మార్చాలి’ అని మాత్రం సూత్రం కట్టుకోకండి. x³/3 + 1/(4x) కు −2 నుంచి −1 వరకు చేస్తే లోపలి రాశి x² + 1/(4x²), అది ఎప్పుడూ ధనాత్మకమే. అక్కడ గుర్తు మార్చితే మంచి జవాబును చెడగొట్టినట్టు అవుతుంది.

మరి పరమ మూల్యం వచ్చినప్పుడల్లా అంతరాన్ని ముక్కలు చేసి, ఎక్కడ ధనాత్మకం, ఎక్కడ రుణాత్మకం అని వెతకాలా? y = f(x) రూపంలో ఉన్న వక్రానికి అక్కరలేదు. కారణం సులువైనదే అయినా పుస్తకాల్లో సాధారణంగా రాయరు. లోపలి రాశిని h అనుకోండి. h² = 1 + (y')². కుడివైపు ఎప్పుడూ 1 కన్నా తగ్గదు. కాబట్టి h ఎప్పుడూ 1 అయినా, అంతకన్నా ఎక్కువైనా ఉండాలి, లేదా −1 అయినా, అంతకన్నా తక్కువైనా ఉండాలి. −1కీ 1కీ మధ్య దానికి చోటు లేదు. ధనాత్మకం నుంచి రుణాత్మకానికి దాటాలంటే మధ్యలో సున్న మీదుగా పోవాలి, ఆ దారి మూసేసి ఉంది. అందువల్ల వక్రం తెగకుండా, h అవిచ్ఛిన్నంగా సాగినంత వరకు అది మొత్తం ధనాత్మకమే లేదా మొత్తం రుణాత్మకమే. అంతరంలో ఏదో ఒక్క బిందువు దగ్గర గుర్తు చూస్తే చాలు. మీరు చివర్లో గుర్తు కొట్టేసినా జవాబు నిలిచింది అందుకే.

ఈ వెసులుబాటు పరామితి రూపంలో ఉన్న వక్రాలకు లేదు, జాగ్రత్త. x = cos³t, y = sin³t తీసుకోండి. అక్కడ వర్గమూలం లోపల 9 sin²t cos²t వస్తుంది. ఆ 1 అనే కాపలా లేదు కాబట్టి ఇది సున్న కాగలదు, ప్రతి పాదం చివర అవుతుంది కూడా. పరమ మూల్యం మరచిపోయి 0 నుంచి 2π వరకు 3 sin t cos t ను సమాకలనం చేస్తే పొడవు సున్న అని వస్తుంది. అసలు పొడవు 6. ఇక్కడ కొట్టేయడానికి గుర్తు కూడా మిగలదు. పాదం పొడవు 3/2 కనుక్కుని నాలుగుతో గుణించడమే దారి.

‘వక్రం తెగకుండా’ అన్న మాట మీద కూడా కన్నేసి ఉంచండి. మీ రెండో ప్రశ్ననే −1 నుంచి 1 వరకు అడిగారనుకుందాం. x⁴/8 − 1/(4x²) లో హద్దులు వేస్తే సున్న వస్తుంది. x = 0 దగ్గర 1/(4x²) ఆకాశానికి ఎగసిపోతుంది, వక్రం అక్కడ రెండు ముక్కలై రెండూ అనంతంగా పైకి పోతాయి. పొడవు సున్న కాదు, అనంతం. హద్దుల మధ్య హారం సున్న అయ్యే చోటు ఉందా అని ముందే చూసుకోవాలి.

మీ మూడో సందేహానికి సూటిగా జవాబు: నమ్ముకోకూడదు. మీకు వస్తున్న ప్రశ్నలు వాటంతట అవి అలా లేవు, అలా ఉండేట్టు తయారు చేశారు. ప్రశ్న తయారు చేసే వ్యక్తి y తో మొదలుపెట్టరు, తనకు నచ్చిన a తో మొదలుపెడతారు. a = x² అనుకుంటే b = 1/(4x²) అని రాస్తారు. a − b ను సమాకలనం చేసి వచ్చిన దాన్ని y అని ప్రశ్నపత్రంలో పెడతారు. మీరు అదే దారిలో వెనక్కి నడుస్తారు. దారి వెంట అన్నీ సర్దిపెట్టి ఉంటాయి కాబట్టి చక్కగా కుదురుతుంది. ఇదేమీ మోసం కాదు. మూడు గంటల పరీక్షలో వర్గమూలం తొలగకపోతే విద్యార్థి ఆ లెక్కను ముగించలేరు.

బయట దొరికే వక్రాలు అంత మర్యాదగా ఉండవు. y = x² నే చూడండి. √(1 + 4x²) వస్తుంది. ప్రతిక్షేపణ చేసి, లాగ్ పదంతో సహా జవాబు తేవచ్చు గానీ పరిపూర్ణ వర్గం కాదు. y = x³ కు √(1 + 9x⁴) వస్తుంది. దానికి బహుపదులు, లాగ్‌లు, త్రికోణమితి ప్రమేయాలతో రాయగల సమాకలని లేదు. మనకు చేతకాక కాదు, లేదని నిరూపించవచ్చు. వక్రాల పొడవు కనుక్కోవడం ఎంత మొండి పనిగా ఉండేదంటే, సరళరేఖకూ వక్రానికీ మధ్య నిష్పత్తి మనుషులకు తెలిసేది కాదని 1637లో డెకార్ట్ అంతటివాడు రాశాడు. 20 ఏళ్లకు, 1657లో, విలియం నీల్ అనే యువకుడు y² = x³ వక్రం పొడవు కనుక్కున్నాడు. అక్కడ కూడా పరిపూర్ణ వర్గం లేదు. y = x^(3/2) కు వర్గమూలం లోపల 1 + 9x/4 మిగులుతుంది, అది ఏకఘాతం కాబట్టి లొంగింది. వర్గం కుదరకపోయినా దారి ఉండవచ్చని దీని నుంచి గ్రహించండి. ab పరీక్ష తప్పితే కాగితం మూసేయకుండా లోపల ఏం మిగిలిందో చూడాలి.

ఎవరూ తయారు చేయకుండానే వర్గం కుదిరే వక్రం ఒకటి మాత్రం మన కళ్లెదుటే ఉంది. రెండు స్తంభాల మధ్య వేలాడే తీగ. a = eˣ/2 అనుకోండి. b = 1/(4a) అంటే e⁻ˣ/2. అప్పుడు y' = (eˣ − e⁻ˣ)/2 = sinh x, y = cosh x, వర్గమూలం కూడా cosh x. తన బరువుకు తానే వేలాడే తీగ సరిగ్గా ఈ ఆకారంలోనే ఉంటుందని 1691లో లైబ్నిజ్, హైగెన్స్, యోహాన్ బెర్నూలీ విడివిడిగా తేల్చారు. వర్గం ఎందుకు కుదిరిందో తీగ భౌతికశాస్త్రమే చెబుతుంది. అడుగు బిందువు నుంచి s పొడవు తీగ తీసుకుంటే, దాని బరువు నిలువు లాగును ఇస్తుంది. అడ్డలాగు అంతటా ఒకటే. కాబట్టి వాలు y' = s/c, ఇక్కడ c స్థిరరాశి. అంటే వాలే పొడవును కొలుస్తోంది. పొడవు తెలియాలంటే సమాకలనం చేయాల్సిన పని కూడా లేదు, వాలు చూసి c తో గుణిస్తే చాలు.

అంకెలతో చూడండి. స్తంభాల మధ్య దూరం 40 మీటర్లు, c = 100 మీటర్లు అనుకుందాం. అంటే తీగలోని అడ్డలాగు 100 మీటర్ల తీగ బరువుకు సమానం. వక్రం y = 100·cosh(x/100). అడుగు నుంచి ఒక స్తంభం వరకు పొడవు 100·sinh(0.2), రెండు వైపులా కలిపి 40.267 మీటర్లు. తీగ మధ్యలో ఎంత కుంగుతుంది? 100·(cosh 0.2 − 1), అంటే సుమారు 2.007 మీటర్లు. రెండు మీటర్లు కిందికి జారిన తీగకు అదనంగా పట్టింది 27 సెంటీమీటర్లే. విద్యుత్ లైన్లు వేసేవాళ్లు ఈ cosh జోలికి పోకుండా తీగను పరావలయం అనుకుని, అదనపు పొడవుకు 8d²/(3L) అని వేస్తారు. d అంటే కుంగు, L అంటే స్తంభాల మధ్య దూరం. ఇక్కడ అది 26.8 సెంటీమీటర్లు ఇస్తుంది, మన లెక్కలో 26.7. తీగ ఇంతకన్నా బాగా వదులుగా ఉంటే ఈ రెండూ విడిపోతాయి, అప్పుడు cosh తప్పదు. c = 25 మీటర్లు పెట్టి మళ్లీ వేసి చూడండి, ఎంత విడిపోతాయో మీకే తెలుస్తుంది.